మాటతో పని ఎప్పుడు జరుగుతుంది, ఎప్పుడు జరగదు?

ప్రశ్న: “నేను మహబూబ్‌నగర్‌లో ఎం.ఏ. తెలుగు చదువుతున్నాను. కొన్ని వాక్యాలు పలికితే చాలు, పని జరిగిపోతుందని భాషాశాస్త్రం తరగతిలో చెప్పారు. ‘ప్రమాణం చేస్తున్నాను’ అంటే ప్రమాణం అయిపోతుందట. మరి ‘వంట చేస్తున్నాను’ అంటే వంట అయిపోదు కదా! రెండింటిలోనూ ‘చేస్తున్నాను’ అనే ఉంది. తేడా ఎక్కడుంది? తెలుగు వాక్యం చూసి దాన్ని ఎలా గుర్తుపట్టాలి?”

జవాబు:

తేడా ‘చేస్తున్నాను’ అనే క్రియారూపంలో లేదు, అందుకే మీకు అది కనిపించలేదు. వంట అనే పనికి మాటకు వెలుపల పొయ్యి ఉంది, గిన్నె ఉంది, ఉడికే బియ్యం ఉంది. ఆ మాట అన్నా అనకపోయినా అన్నం ఉడుకుతుంది. ప్రమాణానికి మాటకు వెలుపల అలాంటిదేమీ లేదు. ఎవరు, ఎక్కడ, ఏ మాటలు పలికితే అది ప్రమాణమవుతుందో మనుషులు ముందే ఒప్పుకుని ఉన్నారు, ఆ ఒప్పుదల ప్రకారం ఆ మాటలు పలకడమే ఆ పని. కాబట్టి వంట వాక్యం జరుగుతున్న పనిని వర్ణిస్తుంది, ప్రమాణ వాక్యం పనిని జరుపుతుంది.

గుర్తుపట్టడానికి నేను తరగతిలో ఎప్పుడూ ఒకే ప్రశ్నతో మొదలుపెట్టేవాణ్ణి: ఈ వాక్యాన్ని కాదనాలంటే ‘అది అబద్ధం’ అంటామా, ‘అది చెల్లదు’ అంటామా? వంట చేస్తున్నానన్న మనిషితో ‘అబద్ధం, నువ్వింకా పొయ్యే ముట్టించలేదు’ అనవచ్చు. ప్రమాణం చేస్తున్నానన్న మనిషితో ‘అబద్ధం, నువ్వు ప్రమాణం చేయడం లేదు’ అనడం కుదరదు. ‘నీ ప్రమాణం నేను నమ్మను’ అనవచ్చు, ‘ఆ ప్రమాణం చెల్లదు’ అనవచ్చు, ఏడాది తర్వాత ‘నువ్వు మాట తప్పావు’ అనవచ్చు. ఈ మూడు నిందలూ ప్రమాణం అనే పనిమీదకు పోతాయే గాని వాక్యం నిజమా కాదా అన్న దానిమీదకు పోవు. చెల్లడం, చెల్లకపోవడం అన్న మాటలను మన భాష నాణేలకూ వాడుతుంది, సంతకాలకూ తీర్పులకూ మాటలకూ వాడుతుంది. ఈ విషయాన్ని అర్థం చేసుకోవడానికి ఇంతకంటే సరైన పదం నాకు దొరకలేదు, అందుకే ఈ జవాబంతా దాన్నే పట్టుకుని నడుస్తాను.

ఈ తేడాను సిద్ధాంతంగా నిలబెట్టినవాడు ఆక్స్‌ఫర్డ్ తత్త్వవేత్త జె.ఎల్. ఆస్టిన్. ఆయన 1955లో హార్వర్డ్ విశ్వవిద్యాలయంలో ఇచ్చిన ఉపన్యాసాలు, ఆయన 1960లో కన్నుమూసిన తర్వాత, 1962లో పుస్తకంగా వచ్చాయి. అంతకు ముందు తత్త్వవేత్తలు చాలామంది వాక్యమంటే లోకంలోని ఒక స్థితిని చెప్పేదనీ, అది నిజమో అబద్ధమో అయి తీరాలనీ అనుకునేవారు. ఓడకు పేరు పెడుతున్నాను, నా గడియారం తమ్ముడికి రాసి ఇస్తున్నాను, రేపు వాన పడుతుందని పందెం కాస్తున్నాను అనే వాక్యాలను ఆస్టిన్ వాళ్ల ముందు పెట్టి, ఇవి వ్యాకరణం ప్రకారం నిక్షేపంగా ఉన్నాయి, అర్థవంతంగా ఉన్నాయి, కానీ నిజమూ కాదు, అబద్ధమూ కాదు అని చూపించాడు. వీటికి ఆయన పెట్టిన పేరు పర్ఫార్మేటివ్‌లు. పాఠ్యపుస్తకాల్లో దీనికి రకరకాల తెలుగు పేర్లు కనిపిస్తాయి, పేరు గురించి మీరు కంగారు పడవద్దు.

ఇంగ్లీషులో ఈ వాక్యాలను గుర్తుపట్టడం కొంత సులువు. ఆ భాషలో ‘నేను ప్రమాణం చేస్తున్నాను’ అని పని జరపడానికి ఒక కాలరూపం, ప్రస్తుతం ఆ పనిలో ఉన్నానని వర్ణించడానికి మరో కాలరూపం ఉన్నాయి. తెలుగులో రెండింటికీ ఒకే రూపం. మీ సందేహం మన భాషలో పుట్టిన న్యాయమైన సందేహం, ఇంగ్లీషు పుస్తకాల్లోని గుర్తులను తెచ్చి దానికి జవాబు చెప్పలేం. మన గుర్తులు మనమే వెతుక్కోవాలి.

ఊళ్లో చాటింపు వేసేవారు ‘ఇందుమూలంగా యావన్మందికీ తెలియజేయునది ఏమనగా’ అని మొదలుపెట్టడం పెద్దవాళ్ల నోట మీరు వినే ఉంటారు. ఆ ‘ఇందుమూలంగా’ అంటే ‘ఈ మాటల ద్వారానే’ అని. తెలియజేయడం అనే పని ఆ మాటల్లోనే జరుగుతున్నది కాబట్టి ఆ పదం అక్కడ సరిగ్గా కూర్చుంది. ఇప్పుడు దాన్ని మీ రెండు వాక్యాల ముందు పెట్టి చూడండి. ‘ఇందుమూలంగా ప్రమాణం చేస్తున్నాను’ అన్నది కాస్త కచేరీ భాషలా వినిపించినా నిలబడుతుంది. ‘ఇందుమూలంగా వంట చేస్తున్నాను’ అన్నది నిలబడదు, ఎందుకంటే మాట ద్వారా వంట జరగదు.

మరో గుర్తు, మనిషినీ కాలాన్నీ మార్చి చూడటం. ‘ఆయన ప్రమాణం చేస్తున్నాడు’ అన్నా ‘నేను నిన్న ప్రమాణం చేశాను’ అన్నా అవి వట్టి వార్తలు, ఇప్పుడు వాటిని అబద్ధమనవచ్చు. వంట వాక్యంలో ‘నేను’ను ‘ఆమె’గా మార్చితే అలాంటి తేడా రాదు, అప్పుడూ వార్తే, ఇప్పుడూ వార్తే. అయితే ఈ గుర్తును మరీ గట్టిగా పట్టుకోవద్దు. ‘పర్ఫార్మేటివ్ అంటే ఉత్తమ పురుష, వర్తమాన కాలం’ అని పరీక్ష గైడ్లలో సూత్రంలా రాస్తారు. తెలుగులో అది నిలవదని మా నాన్నగారి బల్ల దగ్గరే నేను చిన్నప్పుడు నేర్చుకున్నాను. ఆయన నల్లగొండలో దస్తావేజులు రాసేవారు. ప్రతి కాగితం ‘ఫలానా వారికి ఫలానా వారు వ్రాయించి ఇచ్చిన క్రయ దస్తావేజు ఏమనగా’ అని మొదలయ్యేది. ‘వ్రాయించి ఇచ్చిన’ అన్నది భూతకాలం, సంతకం ఇంకా పడలేదు, సిరా ఆరలేదు, అయినా కాగితం అప్పటికే ఇచ్చేసినట్టు మాట్లాడుతుంది. ఏడెనిమిదేళ్ల వయసులో నేను, ఇంకా ఇవ్వకుండానే ఇచ్చిన అని ఎందుకు రాశావని అడిగితే, ‘ఈ కాగితమే ఇచ్చుడు బిడ్డా’ అన్నారాయన. ప్రభుత్వ ఉత్తర్వుల్లో అయితే ‘ఉత్తర్వులు జారీ చేయడమైనది’ అని ఉంటుంది. అక్కడ ‘నేను’ అనే మనిషే లేడు. అయినా పని జరుగుతుంది.

భూతకాలంతో పని జరపడం కాగితానికి పరిమితం కాదు. మా వైపు పశువుల అంగడిలో బేరం ఎలా తెగుతుందో గమనించండి. కొనేవాడు చివరి ధర చెప్పి ‘ఇచ్చినవా?’ అంటాడు. అమ్మేవాడు ‘ఇచ్చిన, తోలుకపో’ అంటాడు. అప్పటికి పైసలు జేబులోనే ఉన్నాయి, పగ్గం అమ్మేవాడి చేతిలోనే ఉంది. ‘ఇచ్చిన’ అన్న ఆ ఒక్క మాటతోనే బేరం తెగింది, ఆ తర్వాత మరొకడు వచ్చి ఎక్కువ ధర చెప్పినా మర్యాదస్థుడు వినడు. అదే మనిషి ‘ఇస్త’ అని ఉంటే అది మాట ఇచ్చినట్టు, ఎద్దు ఇంకా చేతులు మారలేదు. ‘ఇస్తున్న’ అంటే ఎదురుగా నిలబడి ఇప్పుడే అప్పగిస్తున్నట్టు. ఇస్తాను, ఇస్తున్నాను, ఇచ్చాను అన్న మూడు రూపాలూ తెలుగులో పనులు జరపగలవు, కానీ అవి జరిపేవి వేర్వేరు పనులు: మొదటిది వాగ్దానం, రెండోది అప్పగింత, మూడోది బేరం ముగింపు. దీన్ని ఏ ఇంగ్లీషు పుస్తకమూ మీకు చెప్పదు, మన అంగళ్లలో వినాలి.

ఇక మాట ఎప్పుడు చెల్లుతుంది అన్న అసలు విషయానికి వస్తాను. ఆస్టిన్ చెప్పిన షరతులను వరుసగా బట్టీ పట్టించడం కంటే ఒక సంఘటనలో చూపించడం నాకు ఇష్టం. నేను దీనికి ఎప్పుడూ మా ఊరి వినాయక చవితి లడ్డూ వేలాన్నే వాడేవాణ్ణి, ఎందుకంటే వేలంలో మొదటి నుంచి చివరి దాకా మాట తప్ప ఇంకేమీ ఉండదు.

ఆ ఏడు పాట ముప్ఫై ఒక్క వేల దగ్గర ఆగింది. వేలం పిలిచే ఆయన ‘ముప్ఫై ఒక్క వెయ్యి ఒకటోసారి, ముప్ఫై ఒక్క వెయ్యి రెండోసారి, ముప్ఫై ఒక్క వెయ్యి మూడోసారి’ అని ఊపిరి పీల్చుకున్నాడు. ఆ ఊపిరి సందులో వెనక నుంచి ఒకాయన ‘ముప్ఫై రెండు’ అని అరిచాడు. ముందు పాడినవాడు ‘మూడోసారి అయిపోయింది, లడ్డూ నాది’ అన్నాడు, వెనకాయన ‘ఇంకా డప్పు కొట్టలేదు కదా’ అన్నాడు. పావుగంట గొడవ జరిగింది. పెద్దమనుషులు ఒక్కటే ప్రశ్న అడిగారు: ఇన్నేళ్లుగా మన ఊళ్లో పాట దేనితో ముగుస్తున్నది, ‘మూడోసారి’ అన్న మాటతోనా, డప్పు దెబ్బతోనా? మూడోసారి తర్వాత డప్పు మోగితేనే కండువా కప్పడం ఆ ఊరి వాడుక అని అందరూ ఒప్పుకున్నారు. డప్పు మోగలేదు కాబట్టి పాట ముగియలేదన్నారు. మళ్లీ మొదలుపెడితే ముప్ఫై ఆరు వేల దగ్గర ముగిసింది.

ఇక్కడ ఎవరూ అబద్ధం చెప్పలేదు. వేలం పిలిచే ఆయన ‘మూడోసారి’ అన్నది లెక్క ప్రకారం నిజంగా మూడోసారే. ప్రశ్న నిజానిది కాదు, చెల్లుబాటుది. 1930 నాటి వస్తు విక్రయ చట్టం 64వ సెక్షన్ కూడా సరిగ్గా దీన్నే పట్టించుకున్నది. వేలం వేసే మనిషి సుత్తి దెబ్బతో గాని వాడుకలో ఉన్న మరో పద్ధతిలో గాని ముగిసిందని ప్రకటించినప్పుడే అమ్మకం పూర్తవుతుందనీ, ఆ ప్రకటన వెలువడే వరకు పాడినవారు ఎవరైనా తమ పాటను వెనక్కి తీసుకోవచ్చనీ అది చెబుతుంది. ‘వాడుకలో ఉన్న మరో పద్ధతి’ అన్న ఆ మాట నాకెంతో నచ్చుతుంది. ఏ మాట, ఏ సైగ పనిని పూర్తి చేస్తుందో నిర్ణయించేది అక్కడి జనం వాడుకేనని చట్టమే ఒప్పుకుంటున్నది.

ఆ రాత్రే ఇంకో చిన్న సంగతి జరిగింది. గోడమీద కూర్చున్న పన్నెండేళ్ల పిల్లవాడు మధ్యలో ‘యాభై వేలు’ అని కేక వేశాడు. పిలిచే ఆయన తల కూడా తిప్పలేదు. పిల్లవాడి ఉచ్చారణ స్పష్టంగానే ఉంది, అంకె అందరికీ వినిపించింది. కానీ పాడే అర్హత ఉన్న మనిషి కాడు కాబట్టి అది పాటే కాలేదు. ఆస్టిన్ ఇలాంటి వాటిని ‘గురి తప్పినవి’ అన్నాడు. పద్ధతే లేకపోయినా, పద్ధతి ఉండి పలికే మనిషి తగినవాడు కాకపోయినా, తగిన మనిషే పద్ధతిని పూర్తి చేయకపోయినా ఫలితం ఒకటే, పని జరగనే జరగదు. డప్పు మోగని మూడోసారి పూర్తికాని పద్ధతి, పిల్లవాడి యాభై వేలు తగని మనిషి పలికిన మాట.

దీనికి పూర్తిగా భిన్నమైన లోపం మరొకటి ఉంది. ముప్ఫై ఆరు వేలకు పాడుకున్న ఆయన డబ్బు కట్టే ఉద్దేశం లేకుండానే, నలుగురిలో పేరు కోసం పాడాడని ఏడాది గడిచాక తేలింది. అప్పుడు కమిటీ వాళ్లు ‘ఆ పాట చెల్లలేదు’ అనలేదు. ‘పాడుకున్నవు, కట్టాలె’ అని ఇంటికి వెళ్లి అడిగారు. అడగగలిగారంటే పాట చెల్లిందనే కదా అర్థం. మనసులో లేకుండా చేసిన ప్రమాణం కూడా ప్రమాణమే, అందుకే దాన్ని తప్పినవాణ్ణి మనం నిలదీయగలం. విద్యార్థులు ఎక్కువగా పొరపడేది ఇక్కడే. మనస్ఫూర్తిగా అనలేదు కాబట్టి ప్రమాణం కాలేదని రాస్తారు. అలాగైతే మోసగాడికి ఎప్పుడూ ఒక దారి తెరిచి ఉంటుంది, ‘నోటితో అన్నాను గాని మనసుతో అనలేదు’ అంటే సరిపోతుంది. ఆస్టిన్ ఈ దారిని గట్టిగా మూసేశాడు. గురి తప్పితే పని జరగలేదు, చిత్తశుద్ధి లేకపోతే పని జరిగింది కాని చెడ్డగా జరిగింది. తెలుగులో మొదటిదాన్ని ‘చెల్లలేదు’ అంటాం, రెండోదాన్ని ‘మాట తప్పాడు’ అంటాం. ఈ రెండు మాటలూ ఒకదాని చోట ఒకటి ఎప్పుడూ రావు, పరీక్షించి చూడండి.

మాట చెల్లడానికి ఇంకొకటి కావాలి, అవతలివాళ్లు దాన్ని అందుకోవాలి. దీనికి మా నల్లగొండ జిల్లా చరిత్రలోనే గొప్ప ఉదాహరణ ఉంది. శివరాంపల్లిలో సర్వోదయ సమ్మేళనం ముగిశాక వినోబా భావే కాలినడకన తెలంగాణ పల్లెల్లోకి బయలుదేరి, 1951 ఏప్రిల్ 18న పోచంపల్లి చేరారు. ఆ ఊరు అప్పుడు హైదరాబాద్ రాష్ట్రంలోని నల్లగొండ జిల్లాలో ఉంది, ఇప్పుడు యాదాద్రి భువనగిరి జిల్లాలో ఉంది. భూమిలేని దళిత కుటుంబాల వారు తమకు ఎనభై ఎకరాలు కావాలని ఆయనను అడిగారు. వినోబా ప్రభుత్వానికి రాయవచ్చునని ఆలోచిస్తూనే, ఊరివాళ్లే ఏమైనా చేయగలరా అని అక్కడున్న వారిని అడిగారు. వెదిరె రామచంద్రారెడ్డి లేచి వంద ఎకరాలు ఇస్తానన్నారు. భూదానోద్యమం అక్కడ మొదలైంది.

ఆ సభలో జరిగిన పనులను విడదీసి చూద్దాం. ఎనభై ఎకరాలు కావాలన్నది అభ్యర్థన. ఊరివాళ్లు ఏమైనా చేయగలరా అన్నది పైకి ప్రశ్నలా ఉన్నా అది అభ్యర్థనే, ‘చేయగలం’ అనో ‘చేయలేం’ అనో జవాబు చెప్పి కూర్చుంటే ప్రశ్నకు సమాధానం దొరికినట్టే గాని ఆ మాటను అందుకున్నట్టు కాదు. రామచంద్రారెడ్డి దాన్ని అభ్యర్థనగా అందుకున్నారు కాబట్టే అంకె చెప్పారు. మరి ఆయన మాట ఏ పని చేసింది? దానమా, దానం చేస్తానన్న వాగ్దానమా?

తరగతిలో సగం మంది దానమనేవారు. ఇవాళ్టి చట్టం అలా అనదు. ఆస్తి బదిలీ చట్టం 122, 123 సెక్షన్ల ప్రకారం స్థిరాస్తి దానం చెల్లాలంటే దాత సంతకంతో రిజిస్టరైన పత్రం ఉండాలి, కనీసం ఇద్దరు సాక్షుల సంతకాలు ఉండాలి, దాత బతికి ఉండగానే పుచ్చుకునేవాళ్లు దాన్ని అంగీకరించాలి. నోటిమాటతో భూమి చేతులు మారదు. అంటే లేచి నిలబడి ‘వంద ఎకరాలు ఇస్తున్నాను’ అని ఎంత స్పష్టంగా పలికినా, దానం అనే పనిగా చూస్తే అది పూర్తి కాని పద్ధతి, మా ఊరి డప్పు లేని మూడోసారి లాంటిదే. కానీ అదే మాట వాగ్దానంగా నూటికి నూరుపాళ్లు చెల్లింది. వాగ్దానానికి రిజిస్ట్రేషన్ అక్కరలేదు. తగిన మనిషి, తన సొంత భూమి గురించి, వినేవాళ్లందరికీ అర్థమయ్యేలా, అడిగినవాళ్ల ఎదుటే పలికాడు, వాళ్లు అందుకున్నారు. ఒకే వాక్యం ఒక పనిగా చెల్లకుండా మరో పనిగా చెల్లవచ్చు. ఒక వాక్యాన్ని చూసి ‘ఇది పర్ఫార్మేటివా కాదా’ అని అడిగితే జవాబు తెగదు. ‘ఇది ఏ పనిగా చెల్లింది’ అని అడగాలి.

తర్వాత ఆ ఉద్యమం దేశమంతా పాకినప్పుడు ఈ తేడా ఎంత బరువైనదో బయటపడింది. సభల్లో దానం ప్రకటించిన భూముల్లో వివాదాల్లో ఉన్నవీ ఉన్నాయి, సాగుకు పనికిరానివీ ఉన్నాయి. తనది కాని భూమిని ఇస్తున్నానన్న మాట గురి తప్పిన మాట, దాంతో పేదవాడికి చెక్క కూడా రాదు. తనదైన భూమిని ఇస్తానని తర్వాత మొహం చాటేసినవాడి మాట చెల్లిన మాట, అతన్ని ఆ మాట పట్టుకుని అడగవచ్చు. చప్పట్లు రెండింటికీ ఒకేలా పడ్డాయి. ఆంధ్రప్రదేశ్‌లో 1965లో భూదాన, గ్రామదాన చట్టం వచ్చింది. సభలో పలికిన మాటకు, చేతులు మారిన భూమికి నడుమ ఉన్న ఖాళీని పూడ్చడానికి అలాంటి చట్టమే కావలసి వచ్చింది.

మాటతో ఏ మార్పూ రాదు, అది ఉత్త లాంఛనం అనేవారు మీ తరగతిలో కూడా ఉంటారు. వాళ్లకు రాజ్యాంగం 193వ అధికరణ చూపించండి. శాసనసభకు ఎన్నికైన మనిషి 188వ అధికరణ ప్రకారం ప్రమాణం చేయకముందే సభ్యుడిగా సభలో కూర్చున్నా, ఓటు వేసినా, రోజుకు 500 రూపాయల జరిమానా పడుతుంది. ప్రమాణానికి ముందూ తర్వాతా మనిషి అతనే, గెలిచిన ఓట్లు అవే, కుర్చీ అదే. మధ్యలో కలిసింది ఆ ప్రమాణ వాక్యం మాత్రమే.

ఇప్పుడు ఒక జాగ్రత్త చెప్పాలి. మాటతో జరిగే ప్రతి మార్పూ ఈ రకం కాదు. ‘నిన్ను హెచ్చరిస్తున్నాను’ అంటే హెచ్చరిక అయిపోతుంది, అవతలివాడు భయపడినా పడకపోయినా. ‘నిన్ను భయపెడుతున్నాను’ అంటే ఎవరూ భయపడరు. ‘బతిమాలుతున్నాను’ అంటే బతిమాలినట్టే, ‘ఒప్పిస్తున్నాను’ అంటే ఒప్పించినట్టు కాదు. మాట పలకడంలోనే జరిగే పని వేరు, మాట వల్ల వినేవాళ్లలో కలిగే ఫలితం వేరు. ఆస్టిన్ మొదటిదాన్ని ఇల్లొక్యూషనరీ అనీ, రెండోదాన్ని పెర్లొక్యూషనరీ అనీ అన్నాడు. మొదటిది వాడుక చేతిలో ఉంటుంది, రెండోది అవతలి మనసు చేతిలో ఉంటుంది.

ఈ రెండింటినీ విడదీయడానికి తెలుగు మనకు చక్కని సాయం చేస్తుంది. ఫలితాన్ని చెప్పే క్రియలు మన భాషలో చాలావరకు ప్రేరణార్థకాలు: ఒప్పు నుంచి ఒప్పించు, నమ్ము నుంచి నమ్మించు, ఏడ్చు నుంచి ఏడిపించు. పని అసలు చేసేది అవతలివాడని ఆ రూపమే చెబుతున్నది. అందుకే వాటిని ‘ఇందుమూలంగా’తో కలిపి పలకలేం. అయితే ‘ఇంచు’ కనిపించిన ప్రతిచోటా ఈ సూత్రం పెట్టవద్దు. ప్రకటించు, హెచ్చరించు, క్షమించు అన్నవాటిలో అది ప్రేరణ కాదు, పదాన్ని క్రియగా మార్చడానికి వచ్చినది మాత్రమే. ‘క్షమించాను’ అన్న మాటతో క్షమ దక్కుతుంది. పైకి ఒకేలా ఉన్న ఈ రెండు రకాల ‘ఇంచు’ల మధ్య తేడా పరీక్షలో రాయగలిగితే దిద్దేవారికి మీరు నిజంగా అర్థం చేసుకున్నారని తెలుస్తుంది. ‘నిన్ను తిడుతున్నాను’ అన్నది మరో విచిత్రం. అది ప్రేరణార్థకం కాదు, తిట్టడం మాటతోనే జరుగుతుంది, అయినా ఆ వాక్యంతో ఎవరూ తిట్టు తినరు. తిట్టాలంటే తిట్టు పలకాల్సిందే. మాటతో జరిగే పనులన్నిటికీ వాటి పేరు చెప్పి జరిపే వాడుక ఉండదు.

చివరగా, క్రియారూపాన్ని మాత్రమే చూసి అర్థం చెప్పడం ఎంత ప్రమాదమో మన ఇళ్లలో రోజూ వినే మాటలోనే ఉంది. చుట్టం ఇంటి నుంచి బయలుదేరుతూ మనం ‘పోయొస్త’ అంటాం. రూపం చూస్తే తిరిగి వస్తానన్న వాగ్దానం. కానీ రానందుకు ఎవరూ ‘మాట తప్పినవు’ అనరు, ఎందుకంటే అది వాగ్దానంగా ఎన్నడూ లేదు, వీడ్కోలు పలకడంగానే చెల్లింది. ‘పోత’ అన్న మాట అశుభమని పెద్దలు వద్దంటారు, అందుకే ‘వస్త’ అన్న రూపం ఆ చోటికి వచ్చింది. అదే చుట్టం రేపు పెళ్లి పనులకు రమ్మని పిలిచినప్పుడు ‘వస్త’ అని, రాకపోతే మాత్రం తప్పక మాట తప్పినట్టే.

ఆస్టిన్ కూడా తన ఉపన్యాసాల చివరకు వచ్చేసరికి వర్ణించే వాక్యాలు, పని జరిపే వాక్యాలు అన్న తన మొదటి గీతను తానే చెరిపేశాడు. వర్ణించడం కూడా ఒక పనేనని ఆయనకు తేలింది. దాన్ని మీ ఉదాహరణలోనే చూపిస్తాను. పక్కింటావిడ తలుపు దగ్గర నిలబడి ‘బతుకమ్మ పూలకు పోదాం, వస్తవా వదినా?’ అని అడిగింది. మీ అమ్మగారు లోపలి నుంచి ‘వంట చేస్తున్న’ అన్నారు. ఆ మాటతో వంట కాలేదు, అది వంట గురించిన వార్తే, పొయ్యి వెలగకపోతే అబద్ధం కూడా అవుతుంది. కానీ పక్కింటావిడ ‘సరే, రేపు పోదాం తియ్’ అని వెళ్లిపోయింది. పిలుపును కాదనడం అనే పని ఆ మాటలో జరిగింది, ఆమె దాన్ని అందుకున్నది, అది చెల్లింది.